బ్యారన్ కట్టె, థర్మల్ బొగ్గు: పొగ ఒకటే, లెక్క వేరు

వెనక బెంచీల్లో వాళ్ళకి వినపడతా ఉండాదా? మైకు కొంచెం గరగరమంటా ఉంది, సరే కానీండి, నేనే గట్టిగా మాట్లాడతా.

మీ ఈవీఎస్ పేపర్లో గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ మీద ఒక ప్రశ్న, కార్బన్ సైకిల్ మీద ఒక ప్రశ్న దాదాపు ప్రతిసారీ వస్తాయి. నేను పేపర్లు దిద్దేటప్పుడు చూసేది ఏందంటే, మొదటిదానికి అందరూ ఒక అద్దాల ఇల్లు బొమ్మ వేస్తారు, రెండోదానికి చెట్టు, ఆవు, ఫ్యాక్టరీ, నాలుగు బాణాలు వేస్తారు, ఈ రెండు బొమ్మలకీ మధ్య సంబంధం ఏందో మాత్రం ఎవరూ రాయరు. అసలు పాఠమంతా ఆ సంబంధంలోనే ఉంది. అందుకని ఈరోజు యూనిట్ అంతా చెప్పను, ఒక్క విషయమే పట్టుకుంటా. మన కందుకూరు, కొండపి, టంగుటూరు సైడు పొగాకు సీజన్లో ఆకు ఆరబెట్టే బ్యారన్లు కాలుస్తారు కదా, సుబాబుల్ కట్టె, సరుగుడు, తుమ్మ, ఏది దొరికితే అది వేస్తారు. అట్నే కింద నెల్లూరు వైపు పోతే కృష్ణపట్నం దగ్గర నేలటూరులో థర్మల్ స్టేషన్ ఉంది, అక్కడ బొగ్గు కాలుస్తారు. రెండిట్లోంచీ వచ్చేది సీఓటూనే. మరి బొగ్గునే ఎందుకు తిడతారు, బ్యారన్‌ని ఎందుకు అంతగా తిట్టరు? దీనికి జవాబు తెలిస్తే మీకు రెండు ప్రశ్నలకీ జవాబు వచ్చేసినట్టే.

ముందు వేడి సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది మీ పుస్తకంలో ఓ మాదిరిగా ఉంది. భూమి మీద పడే ఎండని రాత్రీ పగలూ, ధ్రువాలూ భూమధ్యరేఖా అన్నీ కలిపి సగటు తీస్తే చదరపు మీటరుకి 340 వాట్ల దాకా వస్తది. అందులో మబ్బులు, మంచు, ఇసుక ఇవన్నీ 30 శాతం వెనక్కి కొట్టేస్తాయి, మిగిలిన 240 వాట్లు లోపలికి ఇంకుతాయి. లోపలికి వచ్చినంతా మళ్ళీ బయటికి పోవాల, లేదంటే భూమి ఏటేటా వేడెక్కతానే ఉంటది. 240 వాట్లు బయటికి పంపడానికి ఒక వస్తువు ఎంత వేడిగా ఉండాలి అని లెక్క కడితే మైనస్ 18 డిగ్రీలు వస్తది. కానీ భూమి సగటు వేడి దాదాపు 15 డిగ్రీలు. ఈ 33 డిగ్రీల తేడానే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్. అంటే అది లేకపోతే మనం లేము, అది చెడ్డదని రాయబాకండి. పెరగడం చెడ్డది.

ఎట్ట జరుగుద్ది అంటే, ఎండ కాంతి రూపంలో లోపలికి వస్తది, భూమి వేడెక్కి ఇన్‌ఫ్రారెడ్ రూపంలో బయటికి పంపుద్ది. గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజనే, ఆ రెండిటికీ ఈ ఇన్‌ఫ్రారెడ్‌తో పనే లేదు, ఎందుకంటే వాటిల్లో ఉండేవి ఒకే రకం పరమాణువులు రెండు, అవి ఊగినా కూడా అటూ ఇటూ విద్యుదావేశంలో తేడా రాదు, అందుకని ఆ తరంగాన్ని పట్టుకోలేవు. సీఓటూలో మూడు ఉండాయి, మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్, అది వంగుతా లేస్తా ఉంటది, ఆ వంగడం సరిగ్గా 15 మైక్రాన్ల తరంగానికి కుదురుద్ది. భూమి పంపే వేడిలో పెద్ద భాగం ఆ చుట్టుపక్కలే ఉంటది, అదీ దాని ఖర్మ. పట్టుకున్న వేడిని మళ్ళీ అన్ని దిక్కులకీ వదులుద్ది, కొంత పైకి, కొంత కిందికి.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒకటి అడుగుతారు, ఇప్పటికే ఉన్న సీఓటూ ఆ 15 మైక్రాన్ల వేడినంతా పట్టేస్తా ఉంటే ఇంకొంచెం కలిస్తే ఏమవుద్ది అని. కింద గాలిలో అయితే నిజంగానే పెద్ద తేడా రాదు. కానీ వేడి చివరాఖరికి ఆకాశంలోకి తప్పించుకునేది పైన, గాలి పల్చబడిన చోట. సీఓటూ పెరిగితే ఆ తప్పించుకునే చోటు ఇంకా పైకి జరుగుద్ది, పైన చలి ఎక్కువ, చల్లటి గాలి తక్కువ వేడి పంపుద్ది. పోయేది తగ్గింది, వచ్చేది తగ్గలేదు, కాబట్టి మళ్ళీ సమానం అయ్యేదాకా కింద నుంచి పైదాకా అంతా వేడెక్కాల. ఇది అద్దాల ఇల్లు బొమ్మలో కనపడదు, పైగా అద్దాల ఇంట్లో వేడి ముఖ్యంగా గాలి బయటికి పోకపోవడం వల్ల పుడుద్ది, ఆ పేరు ఎవరు పెట్టారో కానీ పిల్లల్ని బాగా ఇబ్బంది పెడతా ఉంది. ఇంకోటి, ఓజోన్ చిల్లుని తెచ్చి ఇందులో కలపబాకండి, అది వేరే పాఠం, మీ జవాబుల్లో సగం అక్కడే మార్కులు పోతా ఉండాయి.

ఇదేదో నిన్న మొన్న కనిపెట్టింది కూడా కాదు. యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ 1856లో గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి సీఓటూ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కిందని రాసింది, 1859లో టిండాల్ ఏ వాయువు ఎంత వేడి పట్టుద్దో కొలిచాడు, 1896లో అరీనియస్ సీఓటూ రెట్టింపైతే ఎన్ని డిగ్రీలు పెరుగుద్దో చేత్తో లెక్క కట్టాడు.

ఆ... అడుగమ్మా. నీటి ఆవిరి గురించా? ఆ అమ్మాయి అడిగేది ఏందంటే, నీటి ఆవిరే ఎక్కువ వేడి పట్టుద్దని పుస్తకంలో ఉంది కదా, మరి దాన్ని ఎందుకు అనరు అని. మంచి ప్రశ్న. నీటి ఆవిరి పనితనం మనోళ్ళకి బాగా తెలుసు, మేలో నెల్లూరులో రాత్రిపూట ఫ్యాను కింద కూడా చెమట కారుద్ది, అదే ఉదయగిరి పైన పొడి గాలి కాబట్టి తెల్లారేసరికి కొంచెం చల్లబడుద్ది. కానీ ఆవిరి గాలిలో తొమ్మిది పది రోజులకి మించి ఉండదమ్మా, వానై కింద పడుద్ది. గాలి ఎంత వేడిగా ఉందో అంతే ఆవిరిని పట్టగలదు, ఒక డిగ్రీ పెరిగితే 7 శాతం ఎక్కువ పట్టుద్ది. సీఓటూ వానై పడదు. అది ముందు వేడి పెంచుద్ది, ఆ వేడికి ఆవిరి పెరుగుద్ది, ఆ ఆవిరి ఇంకొంచెం వేడి పెంచుద్ది. ముందు నడిచేది సీఓటూ, వెనక వచ్చేది ఆవిరి.

సరే, ఇప్పుడు మన బ్యారన్‌కి వద్దాం.

ఒక కిలో కట్టె తీసుకోండి. బాగా ఎండిన కట్టెలో కూడా ఐదో వంతు తేమ ఉంటది అనుకుందాం, అంటే 800 గ్రాములు అసలు కట్టె. కట్టెలో సగం బరువు కార్బనే, కాబట్టి 400 గ్రాముల కార్బన్. ఇప్పుడు ఒక కిలో బొగ్గు తీసుకోండి. మన దేశం బొగ్గులో బూడిద చాలా ఎక్కువ, థర్మల్‌కి వచ్చే దాంట్లో చాలాసార్లు 40 శాతం దాకా బూడిదే ఉంటది, కార్బన్ ఇంచుమించు 40 శాతం. అంటే అది కూడా 400 గ్రాములే. ఇప్పుడు రెండూ కాల్చండి.

C + O2 → CO2

12 గ్రాముల కార్బన్‌కి 44 గ్రాముల సీఓటూ. 400ని 44తో గుణించి 12తో భాగించండి, 1467 గ్రాములు. కట్టె కిలో కాలిస్తే దాదాపు కిలోన్నర సీఓటూ, బొగ్గు కిలో కాలిస్తే దాదాపు కిలోన్నర. కాల్చింది కిలో అయితే వచ్చింది కిలోన్నర ఎట్టా అని అడగబాకండి, గాలిలోంచి ఆక్సిజన్ వచ్చి కలిసింది.

చూశారా, గొట్టం దగ్గర నిలబడి కొలిస్తే రెండిటికీ తేడా లేదు. ఇంకా నిజం చెప్పాలంటే ఒకే వేడి పుట్టించడానికి చాలాసార్లు కట్టే ఎక్కువ సీఓటూ వదులుద్ది, తేమని ఆవిరి చేయడానికే కొంత వేడి పోద్ది కాబట్టి. పైకి పోయినాక కూడా ఇది బ్యారన్ సీఓటూ, ఇది థర్మల్ సీఓటూ అని తేడా లేకుండా రెండూ ఒకే 15 మైక్రాన్ల వేడిని పడతాయి. మరి తేడా యాడ ఉంది?

ఆ 400 గ్రాముల కార్బన్ కాలకముందు యాడుండేది అన్న దాంట్లో ఉంది.

సుబాబుల్ నాటి మూడు నాలుగేళ్ళకి కొట్టేస్తారు. ఆ కట్టెలో ఉన్న కార్బన్ మట్టిలోంచి రాలేదు, ఎరువులోంచి రాలేదు, ఆకులు గాలిలోంచి సీఓటూ పీల్చి చేసుకున్నది. అంటే ఈ ఏడాది బ్యారన్లో కాలిన కార్బన్ నాలుగేళ్ళ కింద గాలిలోనే ఉండింది. గాలిలోంచి తీసింది, గాలికి ఇచ్చింది. కొట్టిన మోడు మళ్ళీ చిగురేస్తే ఇంకో నాలుగేళ్ళకి అంతే కార్బన్ మళ్ళీ కట్టెలోకి వస్తది.

బొగ్గులో కార్బన్ కూడా ఒకప్పుడు గాలిలోదే, చెట్లు పీల్చిందే. కానీ ఎప్పుడు? మన దేశంలో బొగ్గులో ఎక్కువ భాగాన్ని గోండ్వానా బొగ్గు అంటారు, సింగరేణిది అదే, ఒడిశా తాల్చేరుది అదే. దాదాపు 25, 30 కోట్ల సంవత్సరాల కింద, అప్పటికి డైనోసార్లు కూడా ఇంకా రాలేదు, గ్లోసోప్టెరిస్ లాంటి చెట్లు చిత్తడి నేలల్లో పడిపోయి గాలి తగలక కుళ్ళకుండా కప్పబడిపోయినాయి. ఆ కార్బన్ అప్పట్నుంచి లెక్కలోంచి బయటికి పోయింది. ఇప్పుడు మనం దాన్ని తవ్వి, రైల్లో ఓడలో తెచ్చి, మర పట్టి, బాయిలర్లో ఊది కాలుస్తా ఉండాం. అన్ని కోట్ల సంవత్సరాలుగా గాలికి తెలియని కార్బన్ గాలిలోకి కొత్తగా వచ్చి చేరుద్ది.

కాబట్టి మీరు కార్బన్ సైకిల్ బొమ్మ వేసేటప్పుడు ఒక్క చక్రం వేయబాకండి, రెండు వేయండి. ఒకటి గబగబా తిరిగేది, గాలి, చెట్లు, నేల, పై సముద్రం మధ్య, దానికి రోజులు, ఏళ్ళు, మహా అయితే కొన్ని వందల ఏళ్ళు. ఇంకోటి నత్తనడకది, రాళ్ళు, సున్నపురాయి, బొగ్గు, అగ్నిపర్వతాలు, దానికి లక్షలు, కోట్ల ఏళ్ళు. మనం చేస్తా ఉండే పనల్లా రెండోదాంట్లోంచి తోడి మొదటిదాంట్లో పోయడం.

ఏందబ్బాయా? మనం ఊపిరి వదిలేది ఏ చక్రం? ఆఁ, ఇది ప్రతి ఏడాదీ వస్తది. ఒక మనిషి రోజుకి సుమారు కిలో సీఓటూ వదుల్తాడు. ఎనిమిది వందల కోట్ల మందికి అది చాలా పెద్ద నంబరే. కానీ నువ్వు వదిలే కార్బన్ నువ్వు తిన్న అన్నంలోది, ఆ అన్నం పోయిన కారులో పండిన వడ్లు, ఆ వడ్లు గాలిలోంచి తీసుకున్న కార్బన్. నువ్వు బొగ్గు తినట్లేదు కదా. నిశ్చింతగా ఊపిరి పీల్చు. ఆ వడ్లకి వేసిన యూరియా తయారు చేయడానికి, నీళ్ళు తోడిన మోటారుకి కాలిన గ్యాసు, బొగ్గు, డీజిలు మాత్రం లెక్కలోకి వస్తాయి, అది వేరే ఖాతా.

ఇప్పుడు నంబర్లు కొంచెం చూద్దాం, ఎక్కువ చెప్పను. భూమి మీద చెట్లు చేమలన్నీ కలిసి ఏడాదికి దాదాపు 12000 కోట్ల టన్నుల కార్బన్ గాలిలోంచి తీసుకుంటాయి, కుళ్ళడం, ఊపిరి, మంటల రూపంలో దాదాపు అంతే తిరిగి వస్తది. సముద్రం కూడా ఇట్నే ఒక 8000, 9000 కోట్ల టన్నులు తీసుకుంటది, ఇస్తది. మనం బొగ్గు, పెట్రోలు, గ్యాసు, సిమెంటు వల్ల వదిలేది దాదాపు 1000 కోట్ల టన్నులు. ఇవి సీఓటూ టన్నులు కాదు, కార్బన్ టన్నులు, పేపర్లో కలిపేయబాకండి, కార్బన్‌ని 3.67తో గుణిస్తే సీఓటూ వస్తది.

ఈ నంబర్లు చూపించి కొంతమంది వాట్సాప్‌లో తిప్పుతా ఉంటారు, ప్రకృతి 20000 వదుల్తా ఉంటే మనిషి వదిలేది 1000, ఐదు శాతం, దీనికే ఇంత గోలా అని. నంబరు తప్పు కాదు, లెక్క తప్పు. చెరువు తీసుకోండి. కాలువలోంచి రోజూ 200 పాళ్ళ నీళ్ళు వస్తా, తూములోంచి రోజూ 200 పోతా ఉంటే చెరువు మట్టం కదలదు. ఇప్పుడు ఎవరో ఒక మోటారు పెట్టి బోరు నీళ్ళు రోజుకి 10 కలుపుతా ఉండారు, తూము అంతే ఉంది. మట్టం పెరుగుద్దా పెరగదా? ఎన్నాళ్ళకో ఒకనాటికి కట్ట మీదికి వస్తది. పెరుగుదలకి కారణం 200 కాదు, ఆ 10. వచ్చేదాంట్లోంచి పోయేది తీసేసి చూడాల గానీ ఊరికే వచ్చేది చూడకూడదు.

గాలిలో ఆ మట్టాన్ని కొలిచినాయన చార్లెస్ కీలింగ్. 1958లో హవాయిలో మౌనా లోవా కొండ మీద మొదలుపెట్టాడు, అప్పుడు పది లక్షల్లో 315 భాగాలు, పీపీఎం అంటారు. ఇప్పుడు 420 దాటిపోయింది. ఫ్యాక్టరీలు రాకముందు 280, అది అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల్ని కొలిస్తే తెలిసింది. కీలింగ్ గీత చూస్తే రంపం పళ్ళలాగా పైకీ కిందికీ పోతా మొత్తం మీద ఎక్కతా ఉంటది. ఆ పళ్ళు ఏందంటే, ఉత్తరార్ధగోళంలో ఎండాకాలం వచ్చి చెట్లు ఆకులేస్తే సీఓటూ తగ్గుద్ది, చలికాలం ఆకులు రాలి కుళ్ళితే పెరుగుద్ది. ఆ పన్ను మన గబగబా చక్రం, ఆ ఎక్కుడు మన బొగ్గు. రెండు చక్రాలూ ఒకే గీతలో కనపడతాయి, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన గ్రాఫ్ అది, పరీక్షలో వేయగలిగితే వేయండి.

ఒక చిన్న లెక్క చేద్దాం, పెన్ను తీయండి. గాలిలో ఒక పీపీఎం పెరగాలంటే 213 కోట్ల టన్నుల కార్బన్ కలవాల. మనం బొగ్గు వగైరాలతో 1000, అడవులు కొట్టడం వల్ల ఇంకో 100 అనుకోండి, మొత్తం 1100. 1100ని 213తో భాగిస్తే ఐదు కంటే కొంచెం ఎక్కువ. అంటే ఏటా ఐదు పీపీఎం పెరగాల. మరి కొలిస్తే పెరిగేది ఎంత? సుమారు రెండున్నర. మిగతా సగం ఏమైంది? చెట్లు, నేల కొంత మింగినాయి, సముద్రం కొంత మింగింది, ఇంచుమించు చెరి సగం. తూము కూడా కొంచెం పెద్దదైంది అన్నమాట. కానీ ఈ మింగడం ఊరికే రాదు. సముద్రం నీళ్ళలో సీఓటూ కలిస్తే కార్బానిక్ ఆమ్లం అవుద్ది, నీళ్ళలో ఉన్న కార్బొనేట్ దాన్ని పట్టుకుని ఖర్చైపోతా ఉంటది, కార్బొనేట్ తగ్గేకొద్దీ సముద్రం పట్టే శక్తీ తగ్గుద్ది, గవ్వలు కట్టుకునే జీవాలకీ ఇబ్బంది. నీళ్ళు వేడెక్కినా పట్టేది తగ్గుద్ది, సోడా సీసా ఎండలో పెడితే ఏమవుద్దో మీకు తెలిసిందే.

ఇప్పుడు అసలు అనుమానం. పెరిగింది బొగ్గు వల్లే అని ఎట్ట తెలుసు? బ్యారన్లు, అడవి మంటలు, అగ్నిపర్వతాలు అయి ఉండొచ్చు కదా? సీఓటూ మీద పేరు రాసి ఉండదు అన్నాను. పూర్తిగా నిజం కాదు, ఒక గుర్తు ఉంటది.

కార్బన్-14 అని ఒక రకం ఉంది, పైన గాలిలో కాస్మిక్ కిరణాల వల్ల పుడుద్ది, 5730 ఏళ్ళకి సగం అయిపోద్ది. బతికున్న ప్రతి చెట్టులో, మీలో, నాలో అది కొంచెం ఉంటది. సుబాబుల్ కట్టెలో ఉంటది, ఎందుకంటే అది నిన్నటి గాలి. 50000 ఏళ్ళు దాటితే కొలవడానికి కూడా మిగలదు. 25 కోట్ల ఏళ్ళ బొగ్గులో సున్నా. అంటే బ్యారన్ పొగలో కార్బన్-14 ఉంటది, థర్మల్ పొగలో ఉండదు. పెరిగిన సీఓటూ కట్టెలోంచి వచ్చిందైతే గాలిలో కార్బన్-14 పాలు మారకూడదు, బొగ్గులోంచి వచ్చిందైతే పలచబడాల. హాన్స్ సూయెస్ 1950లలో చెట్ల వలయాలు కొలిచి పలచబడుతోందని చూపించాడు. ఆ తర్వాత అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగిపోయి 1960లలో ఈ లెక్క కొన్నాళ్ళు గందరగోళం అయింది, అది వేరే కథ.

అయితే అగ్నిపర్వతం సీఓటూలో కూడా కార్బన్-14 ఉండదు, అది కూడా పాతదే. కాబట్టి ఒక్క ఈ పరీక్షతో సరిపోదు. ఇక్కడ ఆక్సిజన్ సాయం వస్తది. ఇందాక రాసిన ఈక్వేషన్ చూడండి, కాల్చాలంటే ఆక్సిజన్ కావాల. అగ్నిపర్వతం సీఓటూ సీఓటూగానే బయటికి వస్తది, దానికి గాలిలో ఆక్సిజన్ అక్కర్లేదు. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివర్లో ఆక్సిజన్‌ని అతి సన్నంగా కొలవడం మొదలుపెట్టాడు, అది ఏటా కొంచెం కొంచెం తగ్గతా ఉంది. మనకి ఊపిరాడకుండా పోయేంత కాదులే, 21 శాతంలో పది లక్షల్లో కొన్ని భాగాలు. కానీ ఏదో కాలతా ఉంది అని చెప్పడానికి అది చాలు. కార్బన్-14 పాతది అంటుంది, ఆక్సిజన్ కాలింది అంటుంది. పాతదై కాలేది ఏముంది? బొగ్గు, పెట్రోలు, గ్యాసు.

సరే, అయితే బ్యారన్‌కి క్లీన్‌చిట్ ఇచ్చేసినట్టేనా? ఇక్కడ జాగ్రత్త. నేను చెప్పింది సుబాబుల్ తోట కొట్టి మళ్ళీ పెంచే రైతు సంగతి. కొట్టిన చోట మళ్ళీ పెరగకపోతే ఆ 400 గ్రాములు తిరిగి రావు, అప్పుడు అది బొగ్గుతో సమానమే. నల్లమల అంచుల్లో వందేళ్ళ చెట్టు కొట్టి కాలిస్తే అది తిరిగి చెట్టయ్యేసరికి వందేళ్ళు, అన్నాళ్ళూ ఆ సీఓటూ పైనే ఉంటది. మడ అడవి కొట్టి రొయ్యల చెరువు తవ్వితే ఇంకా ఘోరం, అక్కడ కార్బన్ ఎక్కువ ఉండేది చెట్టులో కాదు బురదలో, ఆ బురద గాలికి తగిలిందంటే కుళ్ళిపోద్ది. తిరిగొచ్చే కార్బనా, రాని కార్బనా అన్నది కట్టెని చూసి చెప్పలేం, కొట్టిన చోటికి పోయి చూడాల.

ఇంకొక మెలిక ఉంది, అది మన నెల్లూరు వరి గురించి. వరి పీల్చేది గాలిలో కార్బనే, కుళ్ళి తిరిగిచ్చేది ఆ కార్బనే, కాబట్టి లెక్క ప్రకారం సున్నా రావాల. రాదు. మడిలో నీళ్ళు నిలబెట్టినప్పుడు మట్టిలోకి ఆక్సిజన్ దిగదు, ఆక్సిజన్ లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్ళిన వేర్లు, గడ్డి తిని సీఓటూ బదులు మీథేన్ చేస్తాయి. వరి కాండంలో వేర్లకి గాలి పంపడానికి సన్నటి గొట్టాలు ఉంటాయి, ఆ గొట్టాల్లోంచే ఆ మీథేన్ పైకి వస్తది. మీథేన్ టన్నుకి టన్ను పోలిస్తే 20 ఏళ్ళ లెక్కలో సీఓటూకి 80 రెట్లు, 100 ఏళ్ళ లెక్కలో 28 రెట్ల దాకా వేడి పట్టుద్ది. పదేళ్ళు అటూ ఇటూగా గాలిలో కరిగి సీఓటూ అయిపోద్ది, ఆ సీఓటూ వరి ముందు పీల్చిందే కాబట్టి కొత్త కార్బన్ ఏమీ కలవలేదు, కానీ ఆ పదేళ్ళలో పట్టాల్సిన వేడి పట్టేసింది. అంటే కార్బన్ యాడ నుంచి వచ్చింది అని ఒక్కటే అడిగితే సరిపోదు, ఏ రూపంలో పోయింది అని కూడా అడగాల. మొదటి ప్రశ్న కార్బన్ సైకిల్‌ది, రెండోది గ్రీన్‌హౌస్‌ది. మీ రెండు బొమ్మలు కలిసేది ఇక్కడే.

దీనికి ఒక దారి ఉంది, ఆరుతడి. మడిలో చిల్లులున్న పైపు పాతి, అందులో నీళ్ళు మట్టి కింద 15 సెంటీమీటర్ల దాకా దిగినాక మళ్ళీ తడి పెట్టడం, పూత టైములో మాత్రం ఎండనివ్వకూడదు. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుద్ది. తడి పొడి మారతా ఉంటే యూరియా వేసిన మడిలో నైట్రస్ ఆక్సైడ్ కొంచెం పెరుగుద్ది, అదీ గ్రీన్‌హౌస్ వాయువే, అయినా మొత్తం మీద లాభమే. కాకపోతే మన సోమశిల ఆయకట్టులో నీళ్ళు వంతుల వారీగా వచ్చేటప్పుడు, పై మడిలోంచి కింద మడికి పారేటప్పుడు, నా ఒక్కడి మడి ఆరబెట్టుకుంటా అంటే కుదరదు. బోరు ఉన్న రైతుకి ఇది సులువు, కాలువ చివర రైతుకి కష్టం.

టైమ్ అయిపోవచ్చింది. చివరి ప్రశ్న ఎవరో అడగతా ఉండారు... ఆ, థర్మల్ వదిలేదానికి సరిపడా చెట్లు పెంచేస్తే పోలేదా సార్ అంటున్నాడు. లెక్క కట్టేద్దాం, నువ్వే బోర్డు దగ్గరికి రా నాయనా.

అక్కడ ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. ఫుల్లుగా నడిస్తే గంటకి 8 లక్షల యూనిట్ల కరెంటు. బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 900 గ్రాముల సీఓటూ. గుణించు. 720 టన్నులు, గంటకి. దాన్ని 3.67తో భాగించు, 196, అంటే దాదాపు 200 టన్నుల కార్బన్. ఇప్పుడు ఎకరం సుబాబుల్, నాలుగేళ్ళకి 40 టన్నుల పచ్చి కట్టె వచ్చిందనుకో. పచ్చి కట్టెలో సగం నీళ్ళే, 20 టన్నులు మిగిలింది, అందులో సగం కార్బన్, 10 టన్నులు. 200ని 10తో భాగిస్తే 20. ఒక్క యూనిట్ ఒక్క గంట నడిచినదానికి 20 ఎకరాల తోట నాలుగేళ్ళు పెరగాల. రోజుకి 480 ఎకరాలు. ఆ కట్టెని కొట్టి బ్యారన్‌కి అమ్మినా, పేపర్ మిల్లుకి తోలినా, ఎండి కుళ్ళినా ఆ కార్బన్ మళ్ళీ గాలిలోకే పోద్ది. బొగ్గు ఎన్ని కోట్ల ఏళ్ళు నేల కింద ఉండిందో అట్టా ఈ కట్టెని కూడా ఉంచగలిగితేనే లెక్క సరిపోద్ది.

కూర్చో నాయనా, బోర్డు మీద అది తుడపబాక, అందరినీ రాసుకోనీ.